నూటికి నూరు లెక్క తేలిన మాక్ రీకాల్‌లో కనపడని 43 ప్యాక్‌లు

ఇది ఒక మధ్యస్థాయి మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర జరిగిన మాక్ రీకాల్ కథ. మాక్ రీకాల్ అంటే, ఒక మందు బ్యాచ్‌ని మార్కెట్ నుంచి వెనక్కి పిలవాల్సి వస్తే చేయగలమా అని ఉత్తుత్తిగా చేసి చూసే డ్రిల్. నేను క్వాలిటీ వైపు నుంచి ఈ డ్రిల్ నడిపించాను. కంపెనీ పేరు, మందు పేరు చెప్పను. బ్యాచ్ నంబర్లు కూడా మార్చాను. కేసు మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటిది చాలా గోడౌన్లలో జరుగుతుంది, కానీ డ్రిల్ రిపోర్టులో ఎక్కడా కనిపించదు.

వీళ్లు ఏటా ఒక మాక్ రీకాల్ చేస్తారు. రికార్డుల కోసం చేసే పని కాదు, చేయాల్సిందే. యూరప్‌లో 2013 నాటి మందుల పంపిణీ మార్గదర్శకాలు కనీసం ఏడాదికి ఒకసారి రీకాల్ ఏర్పాట్లను పరీక్షించి చూడమంటాయి. ఆహార రంగంలో ఎక్కువమంది పాటించే బీఆర్‌సీజీఎస్ ప్రమాణం ఒక లాట్, అంటే బ్యాచ్, పూర్తి వివరాలు 4 గంటల్లో తేలాలంటుంది. వీళ్ల పాత రిపోర్టులు తిరగేస్తే అన్నిటిలోనూ ఒకటే ఫలితం: రికన్సిలియేషన్, అంటే వచ్చిన సరుకుకి లెక్క తేలడం, 100 శాతం, సమయం గంటకు అటూ ఇటూ. నాకు అనుమానం వచ్చింది అక్కడే. గోడౌన్‌లో మనుషులు పనిచేస్తున్నప్పుడు ఏటా సరిగ్గా నూరు రావడం అంత తేలిక కాదు.

అనుమానానికి ఇంకో కారణం, డ్రిల్ కోసం బ్యాచ్‌ని ఎంచుకునే పద్ధతి. ఎప్పుడూ ఐటీ వాళ్లే ఎంచేవారు. వాళ్లు సహజంగానే శుభ్రమైన బ్యాచ్‌ని తీసుకునేవారు: ఒకే కన్‌సైన్‌మెంట్‌లో వచ్చినది, పది పన్నెండు మంది కస్టమర్లకు వెళ్లినది, రిటర్న్స్ లేనిది. ఈసారి ఎంపిక నేనే చేస్తానని చెప్పాను. నా షరతులు మూడు. రెండు కన్‌సైన్‌మెంట్లలో వచ్చి ఉండాలి. దానికి ముందు బ్యాచ్ ఇంకా అమ్ముడవుతుండగా వచ్చినదై ఉండాలి. కొన్ని ప్యాక్‌లైనా తిరిగి వచ్చి ఉండాలి. అలా దొరికింది KT2408B. బీపీ మాత్రలు, విడి ప్యాక్‌లుగా కూడా వెళ్లే సరుకు. దానికి ముందు బ్యాచ్ KT2407B. ఇకపై వీటిని 08, 07 అంటాను.

డ్రిల్ రోజు

ఉదయం 10:10కి తయారీదారు పంపినట్టుగా ఒక రీకాల్ నోటీసు మెయిల్ పెట్టాం. సబ్జెక్ట్‌లోనూ, లోపల మొదటి వరుసలోనూ ఇది డ్రిల్ అని పెద్ద అక్షరాల్లో రాశాం. ఈ జాగ్రత్త తప్పనిసరి. డ్రిల్ అని లేని మెయిల్ ఒక్కటి బయటి కస్టమర్‌కి ఫార్వర్డ్ అయితే చాలు, మంచి మందు మీద పుకారు పుట్టేస్తుంది.

మెయిల్‌ని ఎవరైనా తెరిచింది 11:25కి. రీకాల్ నోటీసులు రావాలని తయారీదారుల దగ్గర నమోదైన అడ్రస్ ఒక ఉద్యోగి సొంత ఆఫీసు మెయిల్. ఆయన ఆ రోజు సెలవు. వేరే పని మీద ఆయన ఇన్‌బాక్స్ చూస్తున్న సహోద్యోగి కంట పడింది కాబట్టి సరిపోయింది. టీమ్ తన రిపోర్టులో గడియారాన్ని 11:25 నుంచి మొదలుపెట్టింది. నేను 10:10 నుంచే లెక్కించాలన్నాను. మందు వాడే మనిషికి మనం మెయిల్ ఎప్పుడు చూశామన్నది అనవసరం.

11:40కి సిస్టమ్‌లో 08 బ్యాచ్‌ని హోల్డ్‌లో పెట్టారు. 11:50కి మొదటి కస్టమర్ల జాబితా వచ్చింది, 59 మంది. అక్కడివరకు బాగానే ఉంది. కానీ 12:05కి ఒక డెలివరీ వ్యాన్ 08 బ్యాచ్‌వి 24 ప్యాక్‌లు వేసుకుని వెళ్లిపోయింది. బ్లాక్ చేసిన సరుకు ఎలా కదిలింది? వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో హోల్డ్ పెడితే కొత్త ఆర్డర్లకు ఆ బ్యాచ్ కేటాయింపు ఆగుతుంది. అప్పటికే కేటాయించి, ర్యాక్ నుంచి ఏది తీయాలో చెప్పే పికింగ్ స్లిప్ ముద్రించిన ఆర్డర్లు మాత్రం తమ దారిన తాము నడుస్తాయి. ఆ 24 ప్యాక్‌లు రెండు ఆర్డర్లవి, అవి 11:15కే రిలీజ్ అయ్యాయి. స్లిప్ చేతిలో ఉన్న కుర్రాడికి స్క్రీన్ మీద హోల్డ్ ఉందని తెలిసే మార్గం లేదు. 12:30కి మళ్లీ తీసిన జాబితాలో కస్టమర్లు 61 మంది.

ఇది చాలా సిస్టమ్‌లలో ఉన్న గుణమే. అందుకే ఇప్పుడు వాళ్ల పద్ధతిలో హోల్డ్ బటన్ నొక్కిన వెంటనే చేసే రెండో పని జాబితా తీయడం కాదు. డిస్పాచ్ గేటు దగ్గరికి ఒక మనిషి వెళ్లి ఆ బ్యాచ్ ఉన్న ఓపెన్ స్లిప్‌లు, కట్టిన బాక్సులు, లోడ్ అయిన వ్యాన్లు ఆపాలి. జాబితా ఒక పది నిమిషాలు ఆలస్యమైతే నష్టం లేదు, వెళ్లిపోయిన వ్యాన్‌ని వెనక్కి పిలవడం కష్టం.

12:30కి టీమ్ చూపించిన లెక్క ఇది. రెండు కన్‌సైన్‌మెంట్లలో వచ్చినవి 1,200, 600, మొత్తం 1,800 ప్యాక్‌లు. కస్టమర్లకు వెళ్లినవి 1,530. అందులో తిరిగి వచ్చినవి 18, కాబట్టి కస్టమర్ల దగ్గర నికరంగా 1,512. డ్యామేజీ కింద కొట్టేసినవి 12. అమ్మకానికి ర్యాక్‌లలో ఉన్నవి 258. రిటర్న్స్ కేజ్‌లో ఉన్నవి 18. కూడితే సరిగ్గా 1,800. నూటికి నూరు. గదిలో అందరి మొహాలూ తేలికపడ్డాయి. రిపోర్ట్ మీద సంతకాలు పెట్టించే ఫైల్ కూడా బయటికొచ్చింది.

ర్యాక్ దగ్గర

ఆ లెక్కలో ఒక చిన్న సంగతి ఉంది. ప్రతి అంకె ఒకే సిస్టమ్ నుంచి వచ్చింది. వచ్చినవి, వెళ్లినవి, మిగిలినవి మూడూ అదే డేటాబేస్ చెబుతున్నప్పుడు కూడిక తప్పడానికి వీల్లేదు. మిగిలినవి అంటే వచ్చినవాటి నుంచి వెళ్లినవి తీసేయగా సిస్టమ్ చూపించే అంకే కదా. ఆ 100 శాతం సాఫ్ట్‌వేర్‌కి తీసివేత వచ్చని రుజువు చేస్తుంది, అంతకు మించి ఏమీ లేదు. కాబట్టి 258, 18 అనే రెండు అంకెలను కళ్లతో చూసి, ప్యాక్ మీది ముద్ర చదివి, చేత్తో లెక్కపెట్టమన్నాను.

రిజర్వ్ ర్యాక్‌లో 60 ప్యాక్‌ల సీలు వేసిన కార్టన్లు మూడు, అన్నీ 08. అది 180. కింద విడి ప్యాక్‌లు తీసే షెల్ఫ్‌లో సిస్టమ్ ప్రకారం 78 ఉండాలి, 78 ఉన్నాయి. కానీ ఒక్కో ప్యాక్ అంచు చదువుకుంటూ వెళ్తే 42 మాత్రమే 08. వెనక వరసల్లో ఉన్న 36 ప్యాక్‌లు 07 బ్యాచ్‌వి. సిస్టమ్‌లో 07 ఎప్పుడో సున్నా అయిపోయింది.

మామూలు స్టాక్ ఆడిట్ దీన్ని పట్టుకోలేదు. ఆడిటర్ ఆ షెల్ఫ్‌లో ఎన్ని ప్యాక్‌లున్నాయో చూస్తాడు. 78కి 78 ఉన్నాయి, టిక్కు పెట్టి వెళ్తాడు. బ్యాచ్ వారీగా ఎవరూ లెక్కపెట్టరు.

ఎలా జరిగిందో అక్కడ పనిచేసే అతన్ని అడిగాం. తప్పు పట్టడానికి రాలేదని ముందే చెప్పడం వల్ల కాబోలు, సూటిగా చెప్పాడు. "సార్, పాత బ్యాచ్ వెనకుంటుంది, కొత్తది ముందు పెడతారు. వెనకది తీయాలంటే ముందువన్నీ దించాలి. లైన్ మీద లైన్ వస్తుంటే ఎవరు దించుతారు? ముందున్నదే తీస్తాం. మెషీన్ కూడా ఏమీ అనదు."

మెషీన్ ఏమీ అనదన్న మాటే ఈ కేసుకి కీలకం. వాళ్ల పికింగ్ ఇలా నడిచేది. ఎక్స్‌పైరీ ముందున్నది ముందు వెళ్లాలన్న నియమం ప్రకారం సిస్టమ్ 07 తీయమని చెప్పేది. పికర్ షెల్ఫ్ మీది బార్‌కోడ్ స్కాన్ చేసి పరిమాణం కొట్టేవాడు. బ్యాచ్ నంబర్ దానంతట అదే 07 అని నిండిపోయేది. చేతిలో ఉన్న ప్యాక్ మీద 08 అని ఉన్నా ఇన్‌వాయిస్ మీద 07 అని పడేది. అంటే వాళ్ల రికార్డుల్లో ఉన్నది పంపిన బ్యాచ్ కాదు, పంపమని సిస్టమ్ సూచించిన బ్యాచ్. స్కాన్ చేస్తున్నారు కాబట్టి ట్రేసబిలిటీ, అంటే ఏ ప్యాక్ ఎటు వెళ్లిందో పట్టుకునే వీలు, ఉందనే ధీమా ఉంది, కానీ స్కాన్ అవుతున్నది షెల్ఫ్ మాత్రమే.

రిటర్న్స్ కేజ్‌లో ఇంకో ఆధారం దొరికింది. అక్కడి 18 ప్యాక్‌లు 08 కింద నమోదయ్యాయి. చదివితే 11 మాత్రమే 08, మిగతా 7 ప్యాక్‌లు 07. రిటర్న్ తీసుకునే గుమాస్తా బ్యాచ్‌ని ప్యాక్ మీద చూడకుండా కస్టమర్ తెచ్చిన ఇన్‌వాయిస్ చూసి ఎక్కించేవాడు. ఇది లోపమే, కానీ మాకు మేలు చేసింది. ఈ 7 ప్యాక్‌లు 08 అని ఇన్‌వాయిస్ అయిన 07 ప్యాక్‌లు. అంటే తారుమారు రెండు వైపులా జరిగింది. 07 సిస్టమ్‌లో సున్నా అయ్యాక, ముందు వరస ఖాళీ అయి రిజర్వ్ నుంచి కొత్త కార్టన్ దిగేలోపు, వెనకున్న 07 ప్యాక్‌లు కొన్ని 08 పేరుతో బయటికెళ్లాయి.

36 కాదు, కనీసం 43

ఇక్కడ నిదానంగా లెక్కించాలి, ఎందుకంటే షెల్ఫ్ మీద కనిపించే తేడాని చూసి అసలు తేడా అంతే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

చేతికి అందే 08 ప్యాక్‌లు ఎన్ని? రిజర్వ్‌లో 180, షెల్ఫ్‌లో 42, కేజ్‌లో 11. మొత్తం 233. డ్యామేజీ 12 నిజంగా 08వే అనుకుందాం. అవి ధ్వంసం అయిపోయాయి, ఇప్పుడు చూసే వీలు లేదు. 1,800లో ఇవి తీసేస్తే బయట ఉన్న 08 ప్యాక్‌లు 1,555. రికార్డు 1,512 అంటోంది. తేడా 43. రీకాల్ నిజమైతే ఈ 43 ప్యాక్‌ల గురించి మన జాబితా మౌనంగా ఉంటుంది.

ఇది కూడా కనిష్ఠ అంకే. షెల్ఫ్ మీద మిగిలిన 36 అనేది రెండు తారుమారుల మధ్య తేడా మాత్రమే. 08ని 07 అని పంపినవి ఎన్ని ఉన్నా, 07ని 08 అని పంపినవి ఆ అంకెని అంత మేర తగ్గించి చూపిస్తాయి. రెండోవైపువి 7 అని మనకు తెలియడానికి కారణం, ఆ ఏడూ తిరిగి రావడం. తిరిగి రానివి ఇంకా ఎన్ని ఉన్నాయో స్టాక్ చూసి చెప్పలేం. అందుకే రిపోర్ట్‌లో "43 ప్యాక్‌లు గల్లంతు" అని టీమ్ రాసిన వాక్యాన్ని "కనీసం 43" అని మార్పించాను.

మేనేజ్‌మెంట్‌లో ఒకరు, 1,800లో 43 అంటే రెండున్నర శాతం కూడా లేదు కదా అన్నారు. శాతంలో చూస్తే అంతే. కానీ రీకాల్‌లో లెక్క ప్యాక్‌లలోనే జరగాలి. ఒక ప్యాక్ అంటే ఒక ఇంట్లో ఒకరు రోజూ వేసుకునే మందు. పైగా ఆ 43 ప్యాక్‌లు ఉన్న చోటికి మన ఫోన్ అసలు వెళ్లదు. రీకాల్ లేఖ అందినా తిరిగి ఇవ్వని కస్టమర్ సమస్య వేరు, లేఖే అందని కస్టమర్ సమస్య వేరు.

మరి ఎవరికి ఫోన్ చేయాలి? దీనికి రెండు బ్యాచ్‌లు ఒకే షెల్ఫ్‌లో కలిసి ఉన్న కాలాన్ని పట్టుకోవాలి. 08 మొదటిసారి ఆ షెల్ఫ్‌లోకి దిగింది నెల 9వ తారీఖున. గోడౌన్‌కి వచ్చిన తేదీ అంతకు ముందే, కానీ అది ముఖ్యం కాదు, రిజర్వ్‌లో సీలుతో ఉన్నప్పుడు కలిసే అవకాశం లేదు. సిస్టమ్‌లో 07 సున్నా అయింది 20న. ఈ మధ్యలో 07 అని ఇన్‌వాయిస్ అయిన విడి ప్యాక్‌ల లైన్లన్నీ, అంటే ఇన్‌వాయిస్‌లో ఆ సరుకు వరుసలన్నీ, అనుమానితాలే. నిండు కార్టన్‌గా వెళ్లినవాటిని పక్కన పెట్టవచ్చు, ఎందుకంటే కార్టన్ లేబుల్‌ని విడిగా స్కాన్ చేసేవారు, అందులో బ్యాచ్ ఉంటుంది. అలా వడపోస్తే 41 మంది కస్టమర్లు, 214 ప్యాక్‌లు తేలాయి. ఆ 41 మందిలో 14 మంది ఎలాగూ 08 జాబితాలో ఉన్నవాళ్లే. కొత్తగా చేరినవాళ్లు 27 మంది. 61 మంది జాబితా 88 అయింది.

ఒకవేళ రీకాల్ 07 మీద వచ్చి ఉంటే పరిస్థితి ఇంకా చెడ్డది. 07 ప్యాక్‌లు షెల్ఫ్ వెనక ఇంకా ఉన్నాయి కాబట్టి ఆ కాలం మూసుకోలేదు. 9వ తారీఖు నుంచి డ్రిల్ రోజు వరకు 08 అని వెళ్లిన ప్రతి విడి లైనూ అనుమానితమే. నిజం రీకాల్స్‌లో పక్క బ్యాచ్‌లు కూడా చేరడం అరుదు కాదు. 2018లో బీపీకి వాడే వల్సార్టాన్ మాత్రల్లో ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడినప్పుడు రీకాల్ మొదట ప్రకటించిన వాటితో ఆగకుండా నెలల తరబడి విస్తరించింది. అలాంటప్పుడు ఏ బ్యాచ్ ఎక్కడుందో కచ్చితంగా తెలియని డిస్ట్రిబ్యూటర్ చివరికి ఆ మందు మొత్తాన్ని వెనక్కి పిలవాల్సి వస్తుంది.

ఫోన్ ఎత్తేదెవరు

జాబితాలో పేరు ఉండటం వేరు, ఆ మనిషి దొరకడం వేరు. 61 మందిలోంచి చిన్నా పెద్దా కలిపి 12 మందికి ఫోన్ చేయించాం. ఇది డ్రిల్ అని మొదటి మాటగా చెప్పి, ఒకే ప్రశ్న అడగమన్నాం: రీకాల్ వస్తే సరుకు పక్కన పెట్టించే అధికారం ఉన్నది మీకేనా? మొదటి ఫోన్‌లోనే సరైన మనిషి దొరికింది 5 చోట్ల. 4 నంబర్లు అకౌంట్స్ వాళ్లవి, బాకీల కోసం సేల్స్ వాళ్లు తీసుకున్న నంబర్లు. ఇద్దరు ఎత్తలేదు. మిగిలిన ఒక్కటి ఒక పెద్ద చైన్ సెంట్రల్ గోడౌన్, దాని సంగతి చివర్లో చెప్తాను.

యూరప్ మార్గదర్శకాల్లో పంపిణీ రికార్డుల్లో కస్టమర్ల ఫోన్ నంబర్లు పని వేళల్లోవీ, పని వేళలు కానివీ రెండూ ఉండాలని ఉంటుంది. చదివినప్పుడు చాదస్తంలా అనిపిస్తుంది. సాయంత్రం వచ్చిన నోటీసు మీద పనిచేసి చూస్తే ఆ రెండో నంబర్ విలువ తెలుస్తుంది.

కస్టమర్‌కి పంపే లేఖ ముసాయిదాని కూడా మార్చాం. పాత లేఖలో "మీకు ఈ బ్యాచ్ 20 ప్యాక్‌లు పంపాం, ఎన్ని ఉన్నాయో తెలపండి" అని ఉండేది. అంకె మనమే ఇస్తే జవాబు కూడా మన కాగితం నుంచే వస్తుంది. అవతల గుమాస్తా తన ఇన్‌వాయిస్ చూసి, అమ్మకాలు తీసేసి, ఒక అంకె రాసి పంపుతాడు. కొత్త లేఖలో పరిమాణం లేదు. ఇన్‌వాయిస్ చూడకుండా ప్యాక్ మీది బ్యాచ్ ముద్ర చదివి లెక్కించమని ఉంది. ఏమీ లేకపోతే సున్నా అని రాసి పంపాలి, ఖాళీగా వదలకూడదు. జవాబు రానివాడిని, సున్నా అన్నవాడిని ఒకే గడిలో వేస్తే రీకాల్ ఎంతవరకు పూర్తయిందో ఎప్పటికీ తెలియదు. సున్నా అన్నవాళ్లలో 07 అందినవాళ్లు కూడా ఉంటారని ఇప్పుడు తెలుసు కదా. మనం 08 పంపామని రాసిన చోట "మా దగ్గర అసలు ఆ బ్యాచ్ రాలేదు" అని జవాబు వస్తే, అమ్ముడైపోయి ఉంటుందిలే అని మూసేయకూడదు. తారుమారు జరిగిందని మనకు బయటి నుంచి వచ్చే మొదటి కబురు అదే.

మార్చినవి, మారనివి

మొదటి మార్పుకి సాఫ్ట్‌వేర్‌తో పని లేదు. విడి ప్యాక్‌ల షెల్ఫ్‌లో ఒక గడిలో ఒక బ్యాచే ఉండాలి. పాతది పూర్తిగా ఖాళీ అయ్యేవరకు కొత్తది ఆ గడిలో దిగకూడదు, లేదా పక్క గడిలో దిగాలి. వేర్‌హౌస్ మేనేజర్ చోటు సరిపోదని గట్టిగా వాదించాడు, అతని వాదనలో నిజం ఉంది. అన్ని సరుకులకూ చేయలేకపోయాం. వేగంగా కదిలే మందులకు, డోస్ కొంచెం తేడా వచ్చినా ప్రమాదం ఉన్న మందులకు మాత్రం చేశాం. మిగతా చోట్ల వెనక నుంచి నింపి ముందు నుంచి తీసే వాలు ర్యాక్‌లు పెట్టారు.

రెండోది, పికింగ్‌లో షెల్ఫ్‌తో పాటు ప్యాక్‌ని కూడా స్కాన్ చేయడం. ప్యాక్ మీద రెండు రకాల కోడ్‌లు ఉండొచ్చు. గీతల బార్‌కోడ్‌లో చాలాసార్లు సరుకు నంబర్ మాత్రమే ఉంటుంది, బ్యాచ్ ఉండదు. దాన్ని ఎన్నిసార్లు స్కాన్ చేసినా ట్రేసబిలిటీకి ఉపయోగం లేదు. చుక్కల చతురస్రంలా ఉండే 2డీ కోడ్‌లో, బార్‌కోడ్‌ల అంతర్జాతీయ ప్రమాణమైన జీఎస్1 పద్ధతిలో 01 తర్వాత సరుకు నంబర్, 17 తర్వాత ఎక్స్‌పైరీ, 10 తర్వాత బ్యాచ్, 21 తర్వాత సీరియల్ ఉంటాయి.

ఇక్కడే కొన్నాళ్లు టెన్షన్ పెట్టిన ఒక సమస్య వచ్చింది. కొన్ని స్కానర్లలో బ్యాచ్ నంబర్ విచిత్రంగా పొడుగ్గా వచ్చి, సిస్టమ్ ఇలాంటి బ్యాచ్ లేదని తిరస్కరించేది. కారణం ఇది. సరుకు నంబర్‌కి, ఎక్స్‌పైరీకి పొడవు ఖాయం. బ్యాచ్‌కి ఖాయం కాదు, 20 అక్షరాల వరకు ఎంతైనా ఉండొచ్చు. అందుకే బ్యాచ్ ఎక్కడ ముగిసిందో చెప్పడానికి కంటికి కనిపించని GS అనే ఒక వేర్పాటు గుర్తు ఉంటుంది. దాన్ని స్కానర్ మింగేస్తే వెనకున్న సీరియల్ బ్యాచ్‌లో కలిసిపోతుంది.

```
ఉండాల్సింది: 0109501101530003 17270831 10KT2408B<GS>21A7F93
GS పోతే:      0109501101530003 17270831 10KT2408B21A7F93
చదివే బ్యాచ్: KT2408B21A7F93
```

చదువుకోవడానికి వీలుగా మధ్యలో ఖాళీలు పెట్టాను, అసలు డేటాలో ఉండవు. స్కానర్ సెట్టింగ్‌లో ఆ GS గుర్తుని, అంటే ASCII 29 అక్షరాన్ని, పంపమని పెడితే సరిపోయింది. కానీ అది తెలిసేలోపు పికర్లు తిరస్కరణ వచ్చినప్పుడల్లా బ్యాచ్‌ని చేత్తో కొట్టడం మొదలుపెట్టారు, B ఉన్నచోట 8 పడటం మొదలైంది. KT24088 అనే బ్యాచ్ ఈ లోకంలో లేదు, కానీ కొన్నాళ్లు వాళ్ల రికార్డుల్లో ఉంది. ఇప్పుడు చేత్తో కొట్టే అవకాశం ఉన్నా, ఆ సరుకుకి రిసీవింగ్‌లో నమోదైన బ్యాచ్‌లలో ఒకటి కాకపోతే సిస్టమ్ తీసుకోదు. 2డీ కోడ్ లేని ప్యాక్‌లకు బ్యాచ్ చివరి మూడు అక్షరాలు కొట్టాలి. స్క్రీన్ మీద ఆ అక్షరాలు ముందే కనిపించకూడదు. కనిపిస్తే ప్యాక్ వైపు ఎవరూ చూడరు.

దీనికీ ఒక అడ్డదారి పుట్టింది. పది ప్యాక్‌ల లైన్‌కి ఒక ప్యాక్‌ని స్కాన్ చేసి పరిమాణం 10 అని కొట్టడం. ఆ పదిలో రెండు వేరే బ్యాచ్‌వి అయితే మళ్లీ మొదటికే వచ్చాం. సీరియల్ నంబర్ ఉన్న ప్యాక్‌లకు ప్రతిదీ స్కాన్ చేయాలని పెట్టగలిగాం, ఎందుకంటే ఒకే సీరియల్ రెండుసార్లు వస్తే సిస్టమ్‌కి తెలుస్తుంది. లేనివాటికి అది కుదరదు. అక్కడ మాకున్న రక్షణ ఒక గడిలో ఒకే బ్యాచ్ అన్న నియమమే.

మూడోది, రోజూ డిస్పాచ్ దగ్గర చేసే చిన్న పరీక్ష. సీలు వేసిన బాక్సుల్లోంచి ఏవో 20 లైన్లు తీసి తెరిచి, ప్యాక్ మీది బ్యాచ్‌ని ఇన్‌వాయిస్‌తో పోల్చడం. పావుగంట పని. మొదటి వారాల్లో రోజుకి ఒకటో రెండో తేడాలు దొరికేవి. ఇప్పుడు చాలా రోజులు సున్నా వస్తోంది. ఏడాదికి ఒకసారి జరిగే మాక్ రీకాల్ కంటే ఈ పావుగంటనే నేను ఎక్కువ నమ్ముతాను. మాక్ రీకాల్ రికార్డులను వెతికే వేగాన్ని కొలుస్తుంది, ఆ రికార్డులు నిజమా కాదా అన్నది ఈ పరీక్షలోనే తేలుతుంది.

రిటర్న్స్‌లో ఇప్పుడు ప్యాక్ చదివి ఎక్కిస్తున్నారు. ప్యాక్ మీది బ్యాచ్, ఇన్‌వాయిస్ బ్యాచ్ వేరైతే గుమాస్తా దాన్ని సరిదిద్దకుండా, అలాగే క్వాలిటీకి పంపాలి. ఆ జాబితా నెలకొకసారి నేను చూస్తాను. ఏ షెల్ఫ్‌లో తారుమారు జరుగుతోందో అందులోంచి తెలుస్తుంది.

తర్వాతి డ్రిల్‌ని తిరగేసి చేశాం. ఒక కస్టమర్ అనుమతితో వాళ్ల షెల్ఫ్ మీది ఒక ప్యాక్‌ని తీసుకుని, దాని మీది బ్యాచ్‌తో మొదలుపెట్టి, అది ఏ ఇన్‌వాయిస్ మీద, ఏ కన్‌సైన్‌మెంట్‌లో వచ్చిందో వెనక్కి వెతికాం. ఆ కస్టమర్‌కి ఆ బ్యాచ్ పంపినట్టు రికార్డు ఉందా లేదా అన్నదే పరీక్ష. ఉంది. అదే బ్యాచ్‌ని ముందుకీ వెతికితే చేత్తో లెక్కించిన స్టాక్‌లో తేడా 2 ప్యాక్‌లు, అది 2డీ కోడ్ లేని సరుకు. నోటీసు వెళ్లిన 20 నిమిషాల్లో హోల్డ్, గేటు దగ్గర ఆపడం రెండూ అయ్యాయి. నోటీసు మెయిల్ ఇప్పుడు నలుగురికి వెళ్లే గ్రూప్ అడ్రస్‌కి వస్తుంది. తయారీదారులందరి దగ్గరా ఆ అడ్రస్ మార్పించడానికే అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది.

ఆ పెద్ద చైన్ సంగతి మాత్రం తేలలేదు. మన రికార్డు వాళ్ల సెంట్రల్ గోడౌన్ గుమ్మం దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి వాళ్ల శాఖలకు ఏ బ్యాచ్ ఎన్ని వెళ్లాయో వాళ్లే చెప్పాలి. డ్రిల్‌లో వాళ్ల జాబితా మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. అందులో శాఖల పేర్లు, పరిమాణాలు ఉన్నాయి, బ్యాచ్ గడి లేదు. వాళ్లు బ్యాచ్ వారీగా శాఖలకు పంపడం లేదన్నమాట. ఒప్పందం రెన్యువల్‌కి వచ్చినప్పుడు రెండు షరతులు పెట్టమని రాసిచ్చాను: రీకాల్ నోటీసు అందిన రోజే శాఖలవారీ జాబితా ఇవ్వాలి, బ్యాచ్ చెప్పలేకపోతే ఆ మందు ఉన్న శాఖలన్నిటినీ ఆపాలి. రెండోది వాళ్లు ఒప్పుకున్నారు. మొదటిదాని మీద ఇంకా మాటలు నడుస్తున్నాయి. అప్పటివరకు మా రీకాల్ ప్లాన్‌లో ఆ ఒక్క కస్టమర్‌కి ఎదురుగా, వాళ్ల శాఖలన్నిటినీ అనుమానిత జాబితాలో చేర్చాలని రాసి ఉంది.